చివరి స్వరం మీద ఏ అచ్చు నిలుస్తుందో ముందు చూసుకోండి

రంగస్థలం కోసం పాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు, పదాలు వెతకడానికి ముందే మూల బాణీని ‘లాలా’ అని పాడుకుని, ఏ స్వరం పొట్టిదో, ఏది సాగుతుందో గురులఘువుల్లా గుర్తు పెట్టుకోవడం మంచిది. ఉదాహరణకు ‘వి ఆర్ గోయింగ్ హోమ్’ అన్న పాదంలో స్వరాలు ఐదే; మొదటి రెండూ పొట్టివి, మూడోది కాస్త పొడవు, నాలుగోది పొట్టి, అయిదోది బాగా సాగేది అనుకుందాం.

‘మేము ఇంటికి వెళ్తున్నాము’ అర్థానికి సరైనదే అయినా తొమ్మిది అక్షరాలు ఆ ఐదు స్వరాల్లో ఇమడవు. క్రియను వదిలి ‘ఇంటికి’ దగ్గర ఆపితే, సాగదీసిన ‘కి’ వినేవారికి ‘ఇంటికీ’ అయి, ఇంకెక్కడికో కూడా వెళ్తున్నారన్న అర్థం వస్తుంది. ‘పద ఇంటికే’ తూకానికి చక్కగా కుదిరింది కానీ, వేగంగా పాడితే సంధి కలిసి ‘పదింటికే’ అని గడియారం చూసినట్టు వినిపిస్తుంది (కాగితం మీద ఈ తప్పు కనబడదు). ‘మనమింటికే’ అంటే సంధి ముందే కలిసిపోయింది, పొడవైన స్వరం మీద ‘కే’ హాయిగా నిలుస్తుంది, ఆ ఏకారమే తిరుగుప్రయాణపు ఆత్రుతను పలికిస్తుంది. అయితే ‘మన’ అనగానే వింటున్న పాత్ర కూడా ప్రయాణంలో చేరుతుంది. ఆ పాత్రను వదిలి వెళ్లే సన్నివేశమైతే ఈ మాట పనికిరాదు.