చదువరి పాఠాలు – 4: బండిలో దాటిపోయిన మాట

పోయిన పాఠంలో తుర్గేనెవ్ ‘తండ్రులూ కొడుకులూ’ (1862) మూడో అధ్యాయం చదివి, నికొలాయ్ పెత్రోవిచ్ తన కొడుకు అర్కాదీ దగ్గర ఏం దాస్తున్నాడో ఒక్క వాక్యంలో రాయమన్నాను. ఎక్కువమంది జవాబు ఒకటే: ‘పైకి చెప్పుకోలేని ప్రేమ’. ఇది తప్పు. ఈ తప్పు అలవాటైతే ఏ నవలలో ఏ తండ్రి నోరు మూసుకున్నా ఇదే జవాబు వస్తుంది. అందుకని ఈసారి మొదలుపెడదామనుకున్న అర్కాదీ స్నేహితుడు బజారోవ్ ఇంటి సంగతి అభ్యాసానికి జరిపి, తండ్రి కొడుకును ఇంటికి తీసుకెళ్తున్న ఆ బండిలోకే మళ్లీ వెళ్దాం.

ప్రేమను ఆయన దాచనేలేదు. కొడుకు బండి దిగగానే కావలించుకున్నాడు, దారంతా మురిసిపోతూనే ఉన్నాడు. పుటలో బాహాటంగా కనిపిస్తున్నదాన్ని ‘దాచాడు’ అనకూడదు. మౌనం కింద ఏముందో చెప్పే ముందు, మీరు చెప్పబోయేది పాత్ర ఎక్కడైనా పైకే అనేసిందేమో, చేసేసిందేమో వెతకండి. దొరికితే ఆ జవాబు కొట్టేయండి. మన ఇళ్లలో నాన్నలు ప్రేమను మాటల్లో పెట్టరు కాబట్టి ఆ అనుభవాన్ని తెచ్చి ఖాళీలో పోసేస్తాం. అప్పుడు చదువుతున్నది నవలను కాదు, మన ఇంటిని. ‘తండ్రి మనసు లోతైనది’ లాంటి వాక్యం జవాబులో కనిపిస్తే నేను అక్కడే ఆగిపోతాను. ఏ పుస్తకానికైనా అతికే వాక్యం ఈ పుస్తకం గురించి ఏమీ చెప్పదు.

ఇప్పుడు సంభాషణ చూడండి. తండ్రి ఏదో హెచ్చరించాలన్నట్టు మొదలుపెట్టి, తడబడి, ఫ్రెంచిలోకి మారతాడు. ఆ అమ్మాయి సంగతి నువ్వు వినే ఉంటావంటాడు. ‘ఫేనిచ్కాయేనా?’ అని అర్కాదీ తేలిగ్గా అడిగేస్తాడు. తండ్రి ఎర్రబడి, పేరు గట్టిగా అనొద్దని బతిమాలతాడు. ఆమె ఇప్పుడు ఇంట్లోనే ఉంటోందని, రెండు చిన్న గదులు ఇచ్చానని, కావాలంటే మార్చేయొచ్చని చెబుతాడు. ఆ తర్వాత మాట పక్కనున్న చిన్న ఇల్లు బాగాలేదన్న దగ్గరికి పోతుంది.

నేనైతే ఇక్కడ రెండే ప్రశ్నలు వేసుకుంటాను. మొదటిది, మాట ఏ వస్తువు మీదికి మళ్లింది? గదుల మీదికి. ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పాల్సినవాడు ఎన్ని గదులున్నాయో చెబుతున్నాడు. చెప్పకుండా దాటేసింది ఐదో అధ్యాయంలో బయటపడుతుంది. అర్కాదీ తనంతట తానే ఫేనిచ్కా దగ్గరికి వెళ్లి వచ్చి, నాకు తమ్ముడున్నాడని ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. తండ్రి దాచినది ఫేనిచ్కాతో తనకు పుట్టిన పసిబిడ్డ మీత్యాని. ఫేనిచ్కా సంగతి ఒప్పుకోవడమే బిడ్డ సంగతికి అడ్డుగోడ అయింది. సగం నిజం చెప్పేశాక మిగతా సగం ఎవరూ అడగరు.

అర్కాదీ కూడా అడగలేదు. తండ్రి క్షమాపణ చెప్పుకుంటున్నట్టుందని నవ్వుకుంటాడు. మెత్తటి తండ్రి మీద అతనికి కలిగిన ఆప్యాయతలో, లోలోపల తాను ఆయనకన్నా పైమెట్టున ఉన్నానన్న భావం కలిసి ఉందని రచయితే చెబుతాడు. తనకంతా అర్థమైందనుకున్నవాడు ఇంకో ప్రశ్న వేయడు. ఇంటి మౌనానికి ఇద్దరు కావాలి. మీ జవాబుల్లో కొడుకు వాటా దాదాపు ఎవరూ రాయలేదు.

రెండో ప్రశ్న: ఎవరి చెవిన పడకూడదని? ఫ్రెంచి, గట్టిగా అనొద్దనడం – ఈ రెండూ దగ్గర్లో ఉన్న నౌకర్ల వైపు చూపిస్తాయి. కానీ అసలు మనిషి బండిలో లేడు. ఇరవై నాలుగో అధ్యాయంలో తండ్రికి అన్న అయిన పావెల్ తానే ఫేనిచ్కాను పెళ్లాడమని కోరినప్పుడు నికొలాయ్ నిర్ఘాంతపోతాడు. ఇలాంటి పెళ్లిళ్లంటే నీకు గిట్టదనుకున్నాను, నీ మీది గౌరవంతోనే ఇన్నాళ్లూ చేసుకోలేదంటాడు. ఫేనిచ్కా సత్రం నడిపిన ఆవిడ కూతురు, ఈ అన్నదమ్ములు జమీందార్లు. కాబట్టి కొడుకు ముందు పడిన సిగ్గులో పెద్ద భాగం అన్నకు చెందినది. తండ్రీకొడుకుల మధ్య మౌనం వాళ్లిద్దరి మధ్యే పుట్టిందనుకోకండి. మూడో మనిషిని వెతకండి. అలాగని చుక్కలు పెట్టిన ప్రతి చోటా రహస్యం తవ్వొద్దు. తర్వాతి అధ్యాయాల్లో రుజువు దొరకనిది వదిలేయండి.

అభ్యాసం: ఇరవై, ఇరవై ఒకటో అధ్యాయాలు రెండుసార్లు చదవండి. బజారోవ్ మూడేళ్ల తర్వాత ఇంటికొచ్చాడు. ఎన్నాళ్లుంటాడో అడగడానికి తల్లికి భయం. తండ్రి వసీలీ ఇవానోవిచ్ కొడుకు గురించి అర్కాదీతో తోటలో అన్న ప్రతి మాటా ఒక వరసలో రాయండి. వాటిలో ఏవి కొడుకు ఎదుట అనగలిగాడో, ఏవి అనలేకపోయాడో పక్కన గుర్తు పెట్టండి. అనలేని ప్రతి మాటకూ కారణం పుట సంఖ్యతో సహా చూపించాలి. ‘ప్రేమ’ అన్న పదం వాడకుండా రాయండి.