ఓవర్-అండర్ లెక్కలో సగటు పాయింట్లను నమ్మకండి

ఓవర్-అండర్ అంటే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో రెండు జట్ల మొత్తం పాయింట్లు బెట్టింగ్ సంస్థ పెట్టిన అంకెను, అంటే లైన్‌ను, దాటుతాయా లేదా అన్న పందెం. ఆ మొత్తం అంచనా వేయడానికి చాలామంది ఒక్కో జట్టు ఆడే మ్యాచ్‌లలో ఇరువైపులా కలిపి వచ్చే పాయింట్ల సగటులు తీసుకుని సరాసరి కడతారు. రెండూ వేగంగా ఆడే జట్లయితే ఆ లెక్క తక్కువ చూపిస్తుంది. వేగాన్ని, సామర్థ్యాన్ని విడదీసి చూడండి.

ఉదాహరణకు లీగ్ సగటు వేగం 48 నిమిషాలకు ఒక్కో జట్టుకు 100 పొజెషన్లు, అంటే బంతితో దాడికి దిగే 100 అవకాశాలు; సగటు సామర్థ్యం 100 పొజెషన్లకు 115 పాయింట్లు అనుకుందాం. మొదటి జట్టు వేగం 103, రెండోది 102. రెండూ కలిపి లీగ్ సగటు తీసేస్తే 105. ఎందుకంటే ఈ రోజు ఇద్దరికీ ఎదురుగా ఉన్నది మామూలు జట్టు కాదు.

పాయింట్లకూ అదే పద్ధతి. మొదటి జట్టు 118 కొడుతుంది, రెండోది 117 ఇస్తుంది: 118+117-115=120. రెండోది 114 కొడుతుంది, మొదటిది 116 ఇస్తుంది: 115. మొత్తం 235. ఇది 100 పొజెషన్లకు; ఈ మ్యాచ్‌లో 105 కాబట్టి 1.05తో గుణిస్తే దాదాపు 247. ఇవే జట్ల మ్యాచ్ సగటుల సరాసరి మాత్రం 238 దగ్గరే ఆగుతుంది.

సీజన్ మొదట్లో ఈ సూత్రం అతి చేస్తుంది. పది మ్యాచ్‌ల అంకెలు చూసి పొంగిపోకుండా, వాటిని లీగ్ సగటు వైపు కొంచెం లాగండి. ఓవర్‌టైమ్ ఆడిన మ్యాచ్‌లు మామూలు సగటును ఉబ్బిస్తాయి కాబట్టి 48 నిమిషాల లెక్కే వాడండి. ప్రధాన ఆటగాడు లేకపోతే పాత సామర్థ్యపు అంకె పనికిరాదు.

ఇంత చేసినా అసలు స్కోరు 10-15 పాయింట్లు అటూఇటూ కావడం మామూలే. కాబట్టి లైన్‌కీ మీ అంచనాకీ తేడా రెండు పాయింట్లే అయితే దాన్ని వదిలేయడమే మేలు.