వెతికి వచ్చినవారు అరనిమిషంలోనే వెళ్లిపోతున్నారా? వీడియో కీవర్డ్ సమస్య - పరిష్కారం

వంటల ఛానళ్లు నడుపుతున్న బంధువులకు, స్నేహితులకు యూట్యూబ్ శీర్షికలు, వివరణలు సరిచేసి ఇవ్వడం కొన్నేళ్లుగా నాకు అలవాటైన పని. "వీడియో సెర్చ్‌లో రావడం లేదు" అని ఫోన్ చేసేవారిలో దాదాపు అందరూ ముందుగా ట్యాగుల గురించే అడుగుతారు. ఆ వీడియోకు ప్రధాన కీవర్డ్, అంటే చూసేవారు వెతుకుతూ టైప్ చేసే ముఖ్యమైన మాట, ఏమిటని నేను అడిగితే మాత్రం ఒకటి చెప్పవలసిన చోట నాలుగు చెబుతారు, లేదా శీర్షిక మొత్తాన్ని చదివి వినిపిస్తారు. ఒక వీడియోకు ఒకే ప్రధాన కీవర్డ్ ఎంచుకుని, దాన్నే శీర్షికలో, వివరణ మొదటి వాక్యంలో, ఫైలు పేరులో, వీడియోలో మొదట పలికే వాక్యంలో వాడమన్నది తరచూ వినిపించే సలహా. అది పాటించినా ఫలితం రానప్పుడు ఎక్కడ వెతకాలో ఇక్కడ చెబుతాను. వీడియోను అప్‌లోడ్ చేయడం, శీర్షిక మార్చడం, స్టూడియో తెరవడం మీకు వచ్చుననే అనుకుని ఇది రాస్తున్నాను.

ముందు చూడవలసినది, ఎవరూ చూడనిది

స్టూడియోలో ఆ వీడియో Analytics తెరిచి, Reach విభాగంలో YouTube search అనే వరుసను నొక్కితే, చూసినవారు ఏ మాటలు టైప్ చేసి ఆ వీడియోకు వచ్చారో జాబితాగా కనిపిస్తుంది. శీర్షికలో ఒక్క అక్షరం మార్చే ముందు ఈ జాబితాను కాగితం మీద రాసుకోండి. నా దగ్గరకు వచ్చేవారిలో పదిమందికి తొమ్మిదిమంది దీన్ని ఒక్కసారి కూడా తెరిచి ఉండరు.

దీనికి బదులు వారు చేసే పని ఒకటుంది. తమ ఫోన్‌లో, తమ ఖాతాతోనే వెతికి, తమ వీడియో పైన కనిపించగానే అంతా బాగుందని తృప్తి పడతారు. ఆ ఫలితాలపై మీరు గతంలో చూసిన వీడియోల ప్రభావం ఉంటుంది కనుక అది పరీక్ష కిందికి రాదు. లాగిన్ కాకుండా, బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో కిటికీలో వెతికి చూడండి.

సమస్య: సెర్చ్ నుంచి ఎవరూ రావడం లేదు

దీని కారణం చాలాసార్లు సాదాసీదాగానే ఉంటుంది. మీరు ఎంచుకున్న మాటను ఎవరూ టైప్ చేయరు. "నోరూరించే కమ్మని బీరకాయ పచ్చడి ఇలా చేస్తే అన్నం మొత్తం తినేస్తారు" అన్న శీర్షికలో వెతికే మాట ఒకటే ఉంది, అది కూడా మధ్యలో ఇరుక్కుంది. దాన్ని మొదటికి తీసుకురండి. శీర్షికకు 100 అక్షరాల పరిమితి ఉన్నా, ఫోన్‌లో చివరి భాగం తెగిపోతుంది.

మనవాళ్లలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేస్తారు కనుక, ఒకే కీవర్డ్‌ను రెండు లిపుల్లోనూ శీర్షికలో ఉంచడం తప్పు కాదు. `బీరకాయ పచ్చడి | Beerakaya Pachadi` అన్నది రెండు కీవర్డ్‌లు కాదు, ఒకే మాటకు రెండు రాతలు. వివరణలో మొదటి వాక్యంలోనూ ఆ మాటే ఉండాలి. వివరణకు 5000 అక్షరాల వరకు చోటున్నా, చూసేవారికి విప్పకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే.

సమస్య: వస్తున్నారు, నొక్కుతున్నారు, అరనిమిషంలో వెళ్లిపోతున్నారు

నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే. ఈ తప్పు బయటకు తప్పుగా కనిపించదు. సెర్చ్‌లో వీడియో కనిపిస్తుంది, క్లిక్కులు కూడా బాగుంటాయి, కీవర్డ్ శీర్షికలోనూ వివరణలోనూ ఉంటుంది. అయినా ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చూపే Audience retention గీత మొదటి 30 సెకన్లలో నిలువుగా పడిపోతుంది, ఆ తరువాత కొన్ని వారాలకు సెర్చ్‌లో వీడియో క్రమంగా కిందికి జారిపోతుంది. యూట్యూబ్ తన సెర్చ్ గురించి చెప్పిన మాటల్లోనే దీని కారణం ఉంది. వెతికిన మాటకు శీర్షిక, వివరణ, వీడియోలోని విషయం ఎంత సరిపోతున్నాయో చూడటంతోపాటు, ఒక ఫలానా మాట వెతికి వచ్చినవారు ఒక ఫలానా వీడియోను ఎంతసేపు చూశారన్నది కూడా తాము పరిగణిస్తామని అది చెబుతుంది. అంటే వీడియో మంచిదా కాదా అన్నది ఆ మాట వెతికినవారి దృష్టిలో తేలుతుంది.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా దగ్గరి బంధువు ఒకావిడ బీరకాయతో పచ్చడి చేసి వీడియో తీశారు. ఆవిడ ఇంట్లో పచ్చడిని తొక్కు అంటారు. టమాట తొక్కు, మామిడికాయ తొక్కు, అలాగే బీరకాయ తొక్కు. శీర్షిక రాసినది నేనే. ఆవిడ నోట వచ్చిన మాటనే తీసుకుని "బీరకాయ తొక్కు పచ్చడి" అని శీర్షికలో పెట్టాను, వివరణ మొదటి వాక్యంలో పెట్టాను, ఫైలు పేరు `beerakaya-thokku-pachadi.mp4` అని మార్చాను, ఆవిడ మొదటి మాటలోనూ తొక్కు అనే పలికారు. నాలుగు చోట్లా ఒకటే మాట ఉంది కనుక పని పక్కాగా చేశానని అనుకున్నాను.

కోస్తా జిల్లాలవారికి తొక్కు అంటే కాయ మీది తోలు. వారి బీరకాయ తొక్కు పచ్చడి అంటే కూరకు కాయ చెక్కగా మిగిలిన చెక్కుతో చేసే పచ్చడి. దాన్నే బీరపొట్టు పచ్చడి అని కూడా అంటారు. చెక్కును పారేయకుండా ఏం చేయవచ్చునా అని వెతుక్కుంటూ వచ్చినవారికి మా వీడియో పన్నెండో సెకనులోనే ఏం చూపించిందంటే, ఆవిడ చెక్కు తీసి చెత్తబుట్టలో వేసి, లోపలి గుజ్జును ముక్కలు కోశారు. వారు వెళ్లిపోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. కింద ఒకరు "చెక్కు పారేశారేమిటండీ?" అని రాస్తే, ఎగతాళి అనుకుని నేను దాన్ని వదిలేశాను. అసలు జబ్బు ఏమిటో ఆ ఒక్క వాక్యమే చెప్పింది.

నాలుగు చోట్లా ఒకే మాటను వాడమన్న సలహా మంచిదే కానీ, ఆ మాటకు ఊరికో అర్థం ఉంటే నాలుగు చోట్లా తప్పును స్థిరపరచినట్టే అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేటప్పుడు ఇది మరీ కష్టం. ఉత్తరాంధ్రలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ అంటే గింజలు ఒలిచి పితికిపప్పు చేసే చిక్కుడు జాతి కాయ. తెలుగు లిపిలో ఒక దీర్ఘం తేడా ఉంది, `anapakaya` అని కొట్టినప్పుడు ఆ తేడా కూడా ఉండదు.

దీన్ని గుర్తుపట్టడానికి మార్గం ఉంది. Analytics లోని Advanced mode లో YouTube search పట్టికను తెరిస్తే ప్రతి వెతుకుడు మాటకూ ఎదురుగా సగటున ఎంతసేపు చూశారో కనిపిస్తుంది. మా వీడియోకు `beerakaya pachadi` అని వెతికి వచ్చినవారు చివరిదాకా ఉన్నారు, `beerakaya thokku pachadi` అని వచ్చినవారు మాత్రం మొదట్లోనే వెళ్లిపోయారు. వీడియో ఒక్కటే, వంట ఒక్కటే, మాటను బట్టి నిలకడ ఇంతగా మారుతున్నదంటే లోపం వీడియోలో లేదు, మాటలో ఉంది. అన్ని మాటలకూ సగటు సమానంగా తక్కువగా ఉంటే అప్పుడు వీడియోను అనుమానించండి. చిన్న ఛానళ్లలో ఒక్కో మాటకు వచ్చే చూపులు పదీ పదిహేను మాత్రమే ఉంటే ఈ పట్టికను నమ్మి నిర్ణయం తీసుకోకండి. కాలవ్యవధిని 90 రోజులకు పెంచి చూడండి.

ఇక సరిదిద్దడం. అనుకున్న మాటను అప్‌లోడ్‌కు ముందే లాగిన్ కాకుండా వెతికి, మొదటి పది ఫలితాల చిత్రాలను చూడండి. సగం వాటిలో చెక్కు, సగం వాటిలో గుజ్జు కనిపిస్తే ఆ మాట ప్రధాన కీవర్డ్‌గా పనికిరాదు. మేము `బీరకాయ పచ్చడి` అన్న మాటకు మారాము. శీర్షిక, వివరణ మొదటి వాక్యం ఆ రోజే మార్చాము. తొక్కు అన్న మాటను మాత్రం తీసేయలేదు, తీసేయకూడదు కూడా. తెలంగాణ వారు ఆ మాటతోనే వెతుకుతారు కనుక, వివరణ రెండో వాక్యంలో "తెలంగాణలో దీన్నే బీరకాయ తొక్కు అంటారు, ఇది చెక్కుతో కాదు, లోపలి గుజ్జుతో చేసే పచ్చడి" అని పెట్టాము. మొదటి వాక్యం కీవర్డ్‌ను చెబితే, రెండోది అర్థాన్ని తేల్చింది.

మొదట పలికే వాక్యం దగ్గర చిక్కు వస్తుంది. అప్‌లోడ్ అయిన వీడియోలోని ధ్వనిని మళ్లీ చెప్పించలేము, ఫైలును మార్చి అదే లింకులో వేరేది పెట్టడానికీ యూట్యూబ్ ఒప్పుకోదు. కత్తిరించడం మాత్రం కుదురుతుంది. స్టూడియోలోని Editor తో మొదటి భాగాన్ని కోసేస్తే లింకు, చూపుల లెక్క, వ్యాఖ్యలు అలాగే ఉంటాయి. మా అదృష్టం కొద్దీ ఆవిడ నలభయ్యో సెకనులో "బీరకాయ పచ్చడికి లేత కాయలే తీసుకోండి" అన్నారు. అంతకు ముందున్న పలకరింపులు, చెక్కు తీసే దృశ్యం కోసేసి, ఆ వాక్యమే మొదటిదయ్యేలా చేశాను. ప్రక్రియ పూర్తి కావడానికి కొన్ని గంటలు పట్టింది. మీ వీడియోలో అలాంటి వాక్యం ఎక్కడా లేకపోతే పాతదాన్ని వదిలేసి, తరువాతి వీడియోలో జాగ్రత్త పడండి.

ఆ తరువాతి వీడియోకు మొదటి వాక్యాన్ని చెప్పేవారి ఇష్టానికి వదలకుండా, కాగితం మీద రాసి ఇవ్వండి. "అందరికీ నమస్కారం, మన ఛానల్‌కు స్వాగతం" అన్నదాని తరువాత కాదు, దానికంటే ముందే "ఈ రోజు బీరకాయ పచ్చడి చేద్దాం, మా వైపు దీన్ని తొక్కు అంటాం" అని రావాలి. శీర్షికలో చదివిన మాటే చెవిన పడితే, సరైన చోటికే వచ్చామని చూసేవారికి తెలుస్తుంది. చెక్కుతో చేసే పచ్చడికి `బీరపొట్టు పచ్చడి` అన్న వేరే కీవర్డ్‌తో వేరే వీడియో తీశాము. రెండింటినీ ఒకే శీర్షికలో ఇరికించాలన్న ఆలోచన నాకూ వచ్చింది; అలా చేస్తే ఇద్దరూ సగం సగం చూసి వెళ్లిపోతారు.

అరుదైన కారణాలు

ఫైలు పేరు గురించి ఎక్కువ బెంగ అవసరం లేదు. చూసేవారికి అది కనిపించదు, సెర్చ్‌లో దానికి విలువ ఉందని యూట్యూబ్ చెప్పనూ లేదు. అయినా `VID_0047.mp4` బదులు కీవర్డ్‌నే పేరుగా పెట్టమంటాను, ఎందుకంటే అప్‌లోడ్ చేయగానే ఫైలు పేరే శీర్షికగా వచ్చి కూర్చుంటుంది, మాట అక్కడే తప్పితే అక్కడే కనిపెట్టవచ్చు. ఫైలు పేరు కోసం పాత వీడియోను తొలగించి మళ్లీ ఎక్కించినవారిని చూశాను. అలా చేయకండి.

ట్యాగుల పాత్ర చాలా స్వల్పమని యూట్యూబే చెబుతుంది. `birakaya`, `beerakai` వంటి తప్పు రాతలకు వాటిని వాడుకోండి, చాలు. వివరణ అడుగున ముప్పై కీవర్డ్‌లను గుదిగుచ్చడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. పాత డీటీపీ ఫాంటులో టైప్ చేసిన తెలుగును శీర్షికలో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్ కీబోర్డుతో మళ్లీ టైప్ చేస్తే సరి.

మార్పులన్నీ ఒకే రోజు చేసి, తేదీని రాసి పెట్టుకుని, 28 రోజుల పాటు దాన్ని ముట్టుకోకండి. ఆ తరువాత అదే పట్టికలో, మొదట కాగితం మీద రాసుకున్న మాటల వరుసలోనే, సగటు చూపు సమయాన్ని పాత అంకె పక్కన వేసి చూడండి. కొత్త కీవర్డ్ ఎదుట సమయం పెరిగి, చూపుల సంఖ్య పెరగకపోయినా అప్పుడే శీర్షికను మళ్లీ మార్చకండి. మా వీడియోలో ముందు పెరిగింది సమయమే, చూపులు ఆ తరువాతే కదిలాయి.