తోతాపురి ఫొటోల్లో బాక్సుల పొంతన: ట్రైనింగ్‌కు ముందే ఎలా సరిచూడాలి?

బంగారుపాళ్యం వైపు తోటల్లో కోతకు ముందు చెట్టుకు ఎన్ని కాయలున్నాయో ఫొటోల నుంచి లెక్కగట్టే డిటెక్టర్ తయారు చేయాలనుకుందాం. ఫోన్‌తో తీసిన 400 ఫొటోలున్నాయి. తిరుపతిలో ఇద్దరు కూర్చుని కాయ కాయకూ బాక్స్ గీస్తారు. పని సులువుగానే కనిపిస్తుంది. కానీ తోతాపురి పచ్చికాయ రంగు, ఆకు రంగు దాదాపు ఒకటే. కాయ సగం ఆకుల చాటున ఉంటుంది, గుత్తిలో రెండు మూడు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, వెనక వరుస చెట్ల కాయలు కూడా ఫ్రేములో పడతాయి. వీటిని ఇద్దరూ ఒకే రకంగా గీస్తున్నారా అన్నది ట్రైనింగ్ మొదలుపెట్టాక తేలదు. అప్పుడు మోడల్ తప్పు చేస్తోందా, లేబులే తప్పా అన్నది విడదీయడం చాలా కష్టం. కాబట్టి ముందే కొలవాలి.

40 ఫొటోలు ఇద్దరికీ ఇవ్వండి

400లో 40 ఫొటోలు తీసి ఇద్దరితోనూ విడివిడిగా లేబుల్ చేయించండి. కళ్లు మూసుకుని తీయకండి. పొద్దున వెలుతురులో తీసినవి, ఎదురెండలో తీసినవి, గుత్తులు ఎక్కువున్నవి, వెనక వరుస బాగా కనిపించేవి అన్నీ అందులో ఉండాలి. సులువైన ఫొటోలే పడితే స్కోరు బాగా వస్తుంది, తెలిసేదేమీ ఉండదు.

ఒకరు గీసిన బాక్సులు మరొకరికి కనిపించకూడదు. ఏదో పాత మోడల్ ముందే గీసిపెట్టిన బాక్సుల్ని ఇద్దరూ దిద్దే పద్ధతి ఈ 40కి అసలు వద్దు. ఇద్దరూ ఆ బాక్సుల్నే కాస్త అటూ ఇటూ జరిపి వదిలేస్తారు. అప్పుడు వచ్చే 0.95 స్కోరు వాళ్ల పొంతన కాదు, పాత మోడల్ మీద ఇద్దరికీ ఉన్న మొహమాటం.

స్కోరు లెక్క

రెండు బాక్సులు ఎంత కలిశాయో చెప్పే కొలత ఐఓయూ: రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వైశాల్యాన్ని, రెండూ కలిసి ఆక్రమించిన మొత్తం వైశాల్యంతో భాగించాలి. పూర్తిగా కలిస్తే 1, అసలు తాకకపోతే 0. ముందు ఒకటో లేబులర్ బాక్సుల్నీ రెండో లేబులర్ బాక్సుల్నీ జతపరచాలి. గుత్తుల్లో ఒక బాక్స్ పక్క కాయ బాక్సుకు కూడా తగులుతుంది. అందుకే ఒక్కొక్కదానికి దగ్గరున్నదాన్ని తీసుకోకుండా, మొత్తం మీద కలయిక ఎక్కువయ్యేలా జతలు కట్టే పద్ధతి వాడాలి:

```python
import numpy as np
from scipy.optimize import linear_sum_assignment

def iou(a, b):
    w = min(a[2], b[2]) - max(a[0], b[0])
    h = min(a[3], b[3]) - max(a[1], b[1])
    if w <= 0 or h <= 0:
        return 0.0
    s = w * h
    return s / ((a[2]-a[0])*(a[3]-a[1])
              + (b[2]-b[0])*(b[3]-b[1]) - s)

def match(A, B, t=0.5):
    if len(A) == 0 or len(B) == 0:
        return []
    M = np.array([[iou(a, b) for b in B] for a in A])
    M[M < t] = 0
    r, c = linear_sum_assignment(-M)
    return [(i, j, M[i, j]) for i, j in zip(r, c) if M[i, j] > 0]
```

ఇక్కడ ప్రతి బాక్సూ ఎడమ, పై, కుడి, కింది అంచుల పిక్సెల్ విలువలుగా ఉండాలి. యోలో ఫార్మాట్ లేబుల్ ఫైల్లో ఉండేది కేంద్రం, వెడల్పు, ఎత్తు, అదీ ఫొటో సైజుతో భాగించిన విలువలు. కోకో ఫార్మాట్ ఫైల్లో ఉండేది ఎడమ పై మూల, వెడల్పు, ఎత్తు. మార్చకుండా పెడితే అంకెలు వస్తాయి గానీ అర్థం ఉండదు.

పొంతన స్కోరుకు సూత్రం చిన్నదే: జతల సంఖ్యను రెండుతో గుణించి, ఇద్దరి బాక్సుల మొత్తంతో భాగించాలి. ఫొటో ఫొటోకూ సరాసరి తీయకుండా 40 ఫొటోల జతలన్నీ కలిపి, బాక్సులన్నీ కలిపి ఒకేసారి లెక్కకట్టండి. లేకపోతే రెండే కాయలున్న ఫొటోకూ నలభై కాయలున్న ఫొటోకూ ఒకే బరువు పడుతుంది. ఇద్దరు మనుషుల పొంతన అనగానే చాలామంది, యాదృచ్ఛికంగా కలిసే వంతును తీసేసి పొంతన చూపే కప్పా స్కోరు వైపు వెళ్తారు. అది ఇక్కడ నేరుగా కుదరదు. ఇద్దరూ ‘ఇక్కడ కాయ లేదు’ అని ఒప్పుకున్న చోట్లు ఎన్నో లెక్కించే మార్గం డిటెక్షన్‌లో లేదు. పచ్చి, పండు అని తరగతులు పెట్టుకుంటే, జతపడిన బాక్సుల తరగతి పేర్లకు మాత్రం కప్పా వాడుకోవచ్చు.

ఒక ఫొటోను విప్పి చూద్దాం

ఒకటో లేబులర్ 18 బాక్సులు గీశారు, రెండో లేబులర్ 23. జత కట్టాలంటే ఐఓయూ కనీసం 0.5 ఉండాలన్న గీతతో 15 జతలు కుదిరాయి. స్కోరు 2 × 15 / (18 + 23), అంటే 0.73. ఈ అంకె ఒక్కటే చూసి ‘ఇంకా జాగ్రత్తగా చేయండి’ అని చెబితే ఏమీ మారదు. ఒకటో లేబులర్ వైపు మిగిలిన 3 బాక్సుల్నీ, రెండో వైపు మిగిలిన 8నీ ఒకే ఫొటో మీద రెండు రంగుల్లో గీయించి చూడాలి.

ఇప్పుడు గీతను 0.1కి దించి ఆ మిగిలినవాటినే మళ్లీ జతపరిస్తే, ఒకటో లేబులర్ మూడు బాక్సులకూ ఎదుటి వైపు తోడు దొరికింది. అందులో రెండు, ఆకు చాటున సగానికి పైగా దాగిన కాయలు. ఒకటో లేబులర్ కనిపించే ముక్కకే బాక్స్ గీశారు. రెండో లేబులర్ ఆకు వెనక కాయ ఎంతవరకు ఉంటుందో ఊహించి మొత్తానికి గీశారు. సగం కన్నా తక్కువ కనిపించే కాయకు ఈ రెండు పద్ధతులతో 0.5 రానే రాదు. ఎవరి చెయ్యీ తప్పు కాదు, నియమం లేదంతే. మూడోది గుత్తి: ఒకరు రెండు కాయలకు కలిపి ఒక బాక్స్, మరొకరు విడివిడిగా రెండు.

రెండో వైపు ఇంకా 5 మిగిలాయి. ఒకటి ఆ గుత్తిలోని రెండో కాయ. తక్కిన నాలుగూ వెనక వరుస చెట్టువి. ఒకరు వాటిని కాయలే అనుకున్నారు, మరొకరు ‘ఈ చెట్టువి కావు’ అని వదిలేశారు. పదకొండు బాక్సుల తేడా కాస్తా మూడు ప్రశ్నలకు దిగింది: దాగిన భాగం, గుత్తి, వెనక వరుస.

జతపడినవాటిలో దాగిన తేడా

కుదిరిన జతల్ని వదిలేయకండి. 40 ఫొటోల జతలన్నిటికీ ఒక్కో అంచు తేడాను గుర్తుతో సహా, ఒకటో విలువలోంచి రెండో విలువ తీసేసి, నాలుగు అంచులకూ వేర్వేరుగా మధ్య విలువ చూడండి. ఎడమ 0, పై −11, కుడి 1, కింద 0 అని వచ్చిందనుకోండి. పై అంచు ఒక్కటే ఎప్పుడూ పైకి పోతోందంటే ఒకటో లేబులర్ కాయతో పాటు తొడిమనూ బాక్సులో కలుపుతున్నారని అర్థం. 30 పిక్సెల్స్ వెడల్పు, 50 ఎత్తు ఉన్న కాయకు 12 పిక్సెల్స్ తొడిమ కలిస్తే ఐఓయూ 50/62, అంటే 0.81. ఇది 0.5 గీతను హాయిగా దాటుతుంది కాబట్టి పొంతన స్కోరులో ఈ తేడా ఎక్కడా కనిపించదు. తోతాపురి కొన దగ్గరి ముక్కును కలపాలా వద్దా అన్నదీ ఇలాంటిదే, కాకపోతే అది కింది అంచులో బయటపడుతుంది. నాలుగు అంచులూ బయటికే జరిగి ఉంటే బాక్సులు వదులుగా గీస్తున్నారని.

చిన్న కాయల విషయంలో స్కోరును గుడ్డిగా నమ్మకూడదు. 100 పిక్సెల్స్ చదరపు బాక్స్ అడ్డంగా 4, నిలువుగా 4 జరిగితే ఐఓయూ 0.85 ఉంటుంది. అదే జరుగుడు 20 పిక్సెల్స్ బాక్సుకు పడితే 0.47కు దిగి జత తెగిపోతుంది. అది అభిప్రాయ భేదం కాదు, మౌస్ వణుకు. అందుకే చిన్న బాక్సుల స్కోరు వేరుగా రాసుకోండి. వాటికి జత గీతను 0.3గా పెట్టుకుంటే సరిపోతుంది.

ఏదైనా ఒక ఫొటోలో మాత్రమే స్కోరు సున్నా దగ్గరికి పడిపోతే లేబులర్లను అడగక ముందు ఫొటో తిరిగిందేమో చూడండి. ఫోన్ ఫొటోను నిలువుగా చూపించమని ఫైల్లో ఒక గుర్తు మాత్రమే పెడుతుంది. ఓపెన్‌సీవీ ఆ గుర్తును మామూలుగా పాటిస్తుంది, పిల్లో లైబ్రరీ మనం `ImageOps.exif_transpose` పిలిస్తే తప్ప పాటించదు. లేబులింగ్‌కు ముందే ఫొటోలన్నిటినీ నిజంగానే తిప్పి సేవ్ చేసేస్తే ఈ తలనొప్పి ఉండదు.

నియమం రాసి, తర్వాతే దిద్దండి

మన తోటకు ఇలా రాసుకోవచ్చు: కనిపించే భాగానికే బాక్స్. ప్రతి కాయకూ వేరే బాక్స్, గుత్తికి ఒకటి కాదు. తొడిమ వద్దు, ముక్కు కావాలి. పొట్టి వైపు 15 పిక్సెల్స్ కన్నా తక్కువుంటే గీయొద్దు. ఒక్కో నియమం పక్కన ఒక సరైన ఫొటో, ఒక తప్పు ఫొటో అతికించండి. మాటల కన్నా అవే ఎక్కువ పనిచేస్తాయి. దాగిన భాగాన్ని ఊహించి గీయడమూ తప్పేమీ కాదు, కాయ సైజు కావాలంటే అదే మేలు. లెక్క మాత్రమే కావాలంటే మాత్రం కనిపించే భాగమే నయం, ఊహలో ఇద్దరు మనుషులు కలవడం కష్టం.

వెనక వరుస మాటే కాస్త చిక్కు. గీయకుండా వదిలేస్తే ట్రైనింగ్‌లో అది నేపథ్యం కింద లెక్క: స్పష్టంగా కనిపించే కాయను ‘కాయ కాదు’ అని మోడల్‌కు నేర్పుతున్నట్టే. వెనక చెట్టు భాగాన్ని బూడిద రంగుతో కప్పేయడం మొరటుగా ఉన్నా పనిచేస్తుంది. కానీ వాడేటప్పుడు కూడా అలాగే కప్పాలి. అది కుదరదంటే కాయలన్నీ గీసి, వెనక వరుసవాటిని లెక్కపెట్టే దశలో బాక్స్ సైజును బట్టి తీసేయడం మంచిది.

ఇద్దరి బాక్సుల సరాసరి తీసి దిద్దేద్దామనిపిస్తుంది. ఐఓయూ 0.8 దాటి, అంచుల తేడా ఏ ఒక్క వైపుకూ మొగ్గకుండా ఉన్న చోట అది ఫర్వాలేదు. తొడిమ ఉన్న బాక్సుకూ లేని బాక్సుకూ సరాసరి తీస్తే సగం తొడిమ ఉన్న బాక్స్ వస్తుంది, అది ఏ నియమానికీ చెందదు. నియమం వల్ల వచ్చిన తేడాను చేత్తోనే దిద్దాలి.

నియమాలు చదివాక పొంతనను మళ్లీ కొలవాలి. పాత 40 మీద కాదు, కొత్త 40 మీద. పాతవి ఇద్దరికీ గుర్తుండిపోతాయి. మామిడి తోటలాంటి చోట 0.9 దాటితే ముందుకు వెళ్లొచ్చు. 0.8 కూడా రాకపోతే మిగతా 320 ఫొటోల పని ఆపి, మిగిలిపోయిన బాక్సుల్ని మళ్లీ రెండు రంగుల్లో చూడాలి.

ఒక్కరే గీసిన 320లో అనుమానించాల్సిన బాక్సుల్ని జల్లెడ పట్టొచ్చు. ఒకే ఫొటోలో రెండు బాక్సుల ఐఓయూ 0.6 దాటితే ఒకే కాయకు రెండుసార్లు గీశారేమో చూడాలి. వెడల్పు ఎత్తు కన్నా బాగా ఎక్కువుంటే గుత్తి కావచ్చు. 15 పిక్సెల్స్ లోపువి పొరపాటు క్లిక్కులు కావచ్చు. వీటిని ప్రోగ్రామ్‌తో తీసేయకండి, జాబితాగా తీసి మనిషికి చూపించండి: కొమ్మకు అడ్డంగా ఆనుకున్న ఒంటి కాయ కూడా వెడల్పుగానే కనిపిస్తుంది.

టెస్ట్ సెట్‌కు మాత్రం ఈ జల్లెడ చాలదు. అందులోని ప్రతి ఫొటోనూ ఇద్దరూ గీయాలి, కలవని ప్రతి బాక్సునూ నియమాల కాగితం చేతిలో పెట్టుకుని మూడో వ్యక్తి తేల్చాలి. ఆ సెట్ ఏరేటప్పుడు ఒకే చెట్టు ఫొటోలు కొన్ని ట్రైనింగ్‌లో, కొన్ని టెస్ట్‌లో పడకుండా చెట్టు వారీగా విడగొట్టండి.