సుకూక్ ఒకచోట సుకూక్, ఇంకోచోట బాండ్స్ అవుతోందా? కాఫ్ అక్షరం చూడండి

సమస్య ఎప్పుడూ ఇలాగే వస్తుంది. అరబిక్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసిన ఒకే ఇస్లామిక్ ఫైనాన్స్ ఒప్పందంలో మొదటి క్లాజుల్లో ‘సుకూక్’ అని ఉంటుంది, చివరి షెడ్యూల్‌కి వచ్చేసరికి అదే ‘బాండ్స్’ అయిపోతుంది. మురాబహా కూడా ఒకచోట మురాబహా, ఇంకోచోట లోన్. టర్మ్‌బేస్‌లో సుకూక్, మురాబహా రెండూ ఉన్నాయి, అయినా ఇంతే. బాండు అంటే అప్పు. సుకూక్ చేతిలో ఉన్నవాళ్లకు ఆస్తిలోనో దాని వినియోగంలోనో వాటా ఉంటుంది, ఆయోఫీ 17వ షరియా ప్రమాణం చెప్పేది ఇదే. మురాబహాలో బ్యాంకు సరుకు తాను కొని, కొన్న ధరా దాని మీద వేసుకునే లాభమూ చెప్పి అమ్ముతుంది. దాన్ని లోన్ అని రాశారంటే ఆ లాభం కాస్తా వడ్డీ అయి కూర్చుంటుంది.

దయచేసి ముందు నిర్వచనాల క్లాజు చదవండి. ఎవరూ చదవరు. మురాబహా స్పెల్లింగ్‌లో చివర ‘హెచ్’ ఉండాలా వద్దా అని గంటసేపు వాదించుకుంటారు, జవాబు రెండో పేజీలోనే ఉంటుంది. అక్కడ ఎలా ఉంటే చివరిదాకా అలాగే. సగం ఫిర్యాదులు ఇక్కడితో తీరిపోతాయి.

తీరకపోతే అసలు దొంగ కీబోర్డు. మన హైదరాబాద్‌లో ఇది మరీ ఎక్కువ. గల్ఫ్ నుంచి షెడ్యూళ్లు స్కాన్ కాపీలుగా వస్తాయి, వాటిని ఇక్కడ టైపింగ్‌కి ఇస్తాం, టైప్ చేసేవాళ్లకు అలవాటైనది ఉర్దూ కీబోర్డు. ఉర్దూ కాఫ్, అరబిక్ కాఫ్ మాట మధ్యలో కంటికి ఒకేలా కనిపిస్తాయి కానీ కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు అక్షరాలు. అందుకే టర్మ్‌బేస్ ఆ మాటను గుర్తుపట్టదు, అనువాదకుడికి సూచన రాదు, ఆయన తనకు తోచింది రాసేస్తాడు. మొదటి క్లాజుల్లో సరిగ్గా వచ్చి షెడ్యూల్‌లోనే తేడా రావడానికి కారణం ఇదే, ఆ భాగం ఒక్కటే ఇక్కడ టైప్ అయింది.

పట్టుకోవడం తేలిక. సలమ్, ఇస్తిస్నా లాంటివి బాగానే వచ్చి, సుకూక్, వకాలా, ముషారకా, తకాఫుల్ తప్పిపోతుంటే కాఫ్‌ని అనుమానించాలి, ఈ నాలుగింటిలోనూ ఆ అక్షరం ఉంది. మురాబహాలో కాఫ్ లేదు, అది చివరి అక్షరం దగ్గర దెబ్బతింటుంది. వర్డ్‌లో సుకూక్ చివరి అక్షరం పక్కన కర్సర్ పెట్టి Alt+X నొక్కండి. 0643 వస్తే అరబిక్ కాఫ్, 06A9 వస్తే ఉర్దూ కాఫ్. మళ్లీ Alt+X నొక్కితే అక్షరం తిరిగొస్తుంది. మార్చాల్సినవి ఇవి:

```
06A9 ک  ->  0643 ك
06C3 ۃ  ->  0629 ة
```

ఈ రెండూ ఒకేసారి మార్చేయొచ్చు, ఫైల్లో నిజంగానే ఉర్దూలో ఉన్న పేరాలు ఉంటే వాటిని వదిలేసి. ఉర్దూ ‘యే’ని, అంటే 06CCని మాత్రం గుడ్డిగా మార్చకండి. మాట చివర అది అరబిక్‌లో ي కావచ్చు, ى కావచ్చు, ఒక్కొక్కటీ చూసుకోవాలి. మురాబహా చివర ఉర్దూ ہ ఉన్నా అంతే, అక్కడ రావాల్సింది ة. కొందరు ఇంత ఎందుకని ఉర్దూ కాఫ్‌తో టర్మ్‌బేస్‌లో ఇంకో ఎంట్రీ చేర్చేస్తారు. అలా చేయొద్దు, అదే తప్పు ట్రాన్స్‌లేషన్ మెమరీలోకి ఎక్కి తర్వాతి ఫైళ్లలోకి పాకుతుంది. మెమరీని కూడా ఇలాగే శుభ్రం చేసి, టైపింగ్ సిస్టమ్‌లో Arabic (101) కీబోర్డు పెట్టించండి.

అక్షరాలు సరిచేశాక, టూల్‌కి వదిలేయకుండా మనిషే చూడాల్సింది ఒకటి మిగిలి ఉంటుంది. సుకూక్‌కి ఏకవచనం సక్. సౌదీ కాగితాల్లో స్థలం టైటిల్ డీడ్‌ని కూడా సక్ అనే అంటారు. భవనం చూపించి జారీ చేసిన ఇజారా సుకూక్ పత్రాల్లో రెండు అర్థాలూ ఒకే పేజీలో దొరుకుతాయి. ‘రఖమ్ అస్సక్’ పక్కన ప్లాట్ నంబరు, నోటరీ పేరు కనిపిస్తే అది టైటిల్ డీడ్ నంబరు, దాన్ని సుకూక్ నంబరు అని రాస్తే ఆస్తి క్లాజు మొత్తం చెడిపోతుంది. ముఖ విలువ, మెచ్యూరిటీ, హోల్డర్లు అని ఉంటే సుకూకే. వెతికేటప్పుడు ‘హోల్ వర్డ్’ టిక్ తీసేసి صك అని కొట్టండి, ముందు ‘అల్’, ‘బిల్’ అతుక్కుని ఉన్నవీ బహువచనాలూ అన్నీ దొరుకుతాయి.

ఇంగ్లీషు నుంచి అరబిక్‌కి వెళ్లేటప్పుడు ఇదే తలకిందులవుతుంది. సుకూక్ ప్రాస్పెక్టస్‌లో ఇంగ్లీషులో ‘సర్టిఫికెట్స్’ అని రాస్తారు, అరబిక్‌లో అది సుకూక్ కావాలి, షహాదాత్ కాదు. అదే పత్రంలోని కంప్లయన్స్ సర్టిఫికెట్ మాత్రం షహాదానే.

అక్షరాల మధ్య సాగదీసిన గీత వల్ల మ్యాచ్ తప్పడం, షేర్ మార్కెట్ వార్తల్లో ముదారబా అంటే స్పెక్యులేషన్ కావడం, ఇలాంటివి ఎప్పుడో గానీ తగలవు, తగిలినప్పుడు చేత్తో మార్చేయండి.