పిల్లలకు రాసిచ్చిన ఆస్తి వెనక్కి రావాలంటే: ఆర్డీవోకి అర్జీ పెట్టే ముందు దస్తావేజు చదివించుకోండి

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద అర్జీని ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. మీరు ఉంటున్న చోటైనా, పిల్లలు ఉంటున్న చోటైనా సరే. ఆధార్ నకలు, పిల్లల పేర్లు, చిరునామాలు, తిండికీ మందులకీ నెలకు ఎంతవుతుందో లెక్క ఉంటే చాలు. లాయరు అక్కర్లేదు. ఆఫీసు గేటు దగ్గర వేలు అడిగేవాళ్లు రాసిపెట్టేదీ ఇంతే.

నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించడం ఒక పని, రాసిచ్చిన ఆస్తిని వెనక్కి ఇప్పించడం మరో పని. అర్జీలు ఎక్కువగా ఆగిపోయేది రెండోదాని దగ్గరే.

కోనసీమలో ఒక తల్లి 2016లో అరెకరం కొబ్బరి తోట, పెంకుటిల్లు పెద్దకొడుక్కి దాన సెటిల్‌మెంటు రాసిందనుకుందాం. దింపు డబ్బులు కొడుకువి, ఆవిడ మకాం కూతురింట్లో. చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి ఉంటే, అతను చూడకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ఆర్డీవో ప్రకటించవచ్చు. కానీ మన దస్తావేజుల్లో 'ప్రేమాభిమానాలతో ఇచ్చితిని' అన్న మాట తప్పకుండా ఉంటుంది, షరతు మాత్రం ఉండదు. ప్రేమతో ఇచ్చారన్నంత మాత్రాన షరతు ఉన్నట్టు కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి సర్టిఫైడ్ నకలు తీసుకోండి. అసలు కాగితం కొడుకు బీరువాలో ఉంటే భయపడనక్కర్లేదు, ఈ నకలు చాలు. దాన్ని నమ్మకమైనవాళ్లతో ఆసాంతం చదివించుకోండి. 'జీవితాంతం పోషించవలెను' లాంటి వాక్యం ఉంటే అర్జీలో దాన్ని యథాతథంగా ఎత్తిరాసి, ఎప్పటి నుంచి చూడడం మానేశాడో నెలతో సహా రాయాలి. లేకపోతే ఆ రోజుల్లో రాసుకున్న ఒప్పంద కాగితం ఏదైనా ఉందేమో వెతకండి. మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి కేసులో, దస్తావేజు రాసిన రోజే కొడుకు వేరుగా ఇచ్చిన హామీ పత్రాన్ని కూడా కలిపి చదివి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆస్తిని తల్లికి తిరిగి ఇప్పించింది.

ఏదీ దొరక్కపోతే రద్దు కోసం పట్టుబట్టడం కంటే పోషణ అడగడమే దారి. ఆ హక్కుకు దస్తావేజుతో పని లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో 30. ఆర్డీవో ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో పైస్థాయి ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. డబ్బు ఇమ్మన్నా కొడుకు ఇవ్వకపోతే, బాకీ పడిన మూడు నెలల లోపే మళ్లీ అర్జీ ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ నెలల సొమ్ముకు వారంటు జారీ కాదు.

ఇంకా రాయనివాళ్లు మాత్రం సంతకానికి ముందే పోషణ షరతునూ, బతికున్నంతకాలం ఫలసాయం తమదేనన్న మాటనూ లేఖరి చేత రాయించుకోవాలి.