సెట్‌టాప్ బాక్స్ పాఠాలు – 3: ఇంట్లో ఎవరూ లేనప్పుడు సినిమా చివరిదాకా రికార్డ్ కావాలంటే

గత పాఠంలో గైడ్ తెరిచి రోజులు మార్చడం, కావలసిన కార్యక్రమం మీద రిమైండర్ పెట్టడం నేర్చుకున్నాం. రిమైండర్ పనికిరావాలంటే ఆ సమయానికి ఎవరో ఒకరు టీవీ ముందు ఉండాలి. తాళం వేసిన ఇంట్లో రికార్డింగ్ ఎలా పెట్టుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

రాజోలు దగ్గర ఒక కుటుంబం ఉందనుకోండి. ఆదివారం మధ్యాహ్నం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం పెళ్లికి వెళ్తారు, సోమవారం ఉదయానికి గానీ తిరిగి రారు. ఆ సాయంత్రం 6 నుంచి 9 దాకా సినిమా ఉందని గైడ్ చూపిస్తోంది. గైడ్‌లో ఆ పేరు మీదకు వెళ్లి రికార్డ్ బటన్ నొక్కితే పక్కన ఎర్ర చుక్క వస్తుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. మర్నాడు చూస్తే క్లైమాక్స్ సగంలో తెగిపోయి ఉంటుంది.

అలా ఎందుకు తెగుతుందో తెలియాలంటే గైడ్ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియాలి. ఆ పట్టిక బాక్సులో పుట్టదు. ఛానల్ వాళ్లు ముందుగా ఇచ్చిన కార్యక్రమాల జాబితాను మీ ఆపరేటర్ బొమ్మతో పాటే సిగ్నల్‌లో పంపుతూ ఉంటాడు. బాక్సు దాన్ని పోగుచేసి చూపిస్తుంది. అందుకే కరెంటు పోయి వచ్చిన వెంటనే గైడ్ తెరిస్తే గళ్లు ఖాళీగా ఉంటాయి. ప్రస్తుత కార్యక్రమం, తరువాతది ముందుగా నిండుతాయి, ఆపై రోజులు మెల్లగా వస్తాయి. ఇంకో సంగతి: గైడ్‌లోని 6, 9 అనేవి ముందుగా రాసుకున్న అంకెలు. ముందు కార్యక్రమం సాగినా, ప్రకటనలు పెరిగినా ఆ అంకెలను ఎప్పటికప్పుడు దిద్దేవాళ్లు తక్కువ. సినిమా 6:08కి మొదలై 9:14కి ముగిసినా, బాక్సు మాత్రం సరిగ్గా 9కి ఆపేస్తుంది.

కాబట్టి ముందూ వెనకా కొంత టైము కలపాలి. రికార్డింగ్ సెట్టింగుల్లో ముందు ఎన్ని నిమిషాలు, తర్వాత ఎన్ని నిమిషాలు అని అడిగే చోటు చాలా బాక్సుల్లో ఉంటుంది. సినిమాకైతే ముందు 5, తర్వాత 30 పెట్టండి. క్రికెట్‌కి 30 సరిపోదు, గంట కలపండి. మీ బాక్సు 10 లేదా 15 నిమిషాలకు మించి ఒప్పుకోకపోతే గైడ్ వదిలేసి టైమర్ మెనూలోకి వెళ్లి ఛానల్ నంబరు, తేదీ, మొదలు, ముగింపు మీరే కొట్టండి: 5:55 నుంచి 9:30 దాకా. ఇక్కడ అర్ధరాత్రి దగ్గర పొరబడతారు. మనం ఆదివారం రాత్రి పన్నెండున్నర అంటాం గానీ, బాక్సు లెక్కలో అది సోమవారం 12:30 AM. తేదీ ఒకరోజు ముందుకు జరపకపోతే రికార్డింగ్ పడదు.

ఇప్పుడు జాగా లెక్క. మొత్తం 215 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు దాటింది. హెచ్‌డీ ఛానల్ సెకనుకు సుమారు 6 మెగాబిట్లతో వస్తే గంటకు 2.7 జీబీ పడుతుంది. మన సినిమాకు దాదాపు 10 జీబీ. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంటే సరిపోతుంది. కానీ నాసిరకం పెన్‌డ్రైవ్ అంత వేగంగా రాసుకోలేక బొమ్మ ఆగి ఆగి వస్తుంది. చిన్న హార్డ్‌డిస్క్ మేలు. మొదటిసారి పెట్టగానే ఫార్మాట్ చేయమంటారా అని బాక్సు అడుగుతుంది. సరే అంటే అందులో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, కాబట్టి పెళ్లి ఫొటోలున్న డిస్క్ పెట్టకండి. డబ్బు కట్టి చూసే ఛానళ్ల రికార్డింగులు సాధారణంగా ఆ బాక్సులోనే తెరుచుకుంటాయి. బాక్సు మారిస్తే అవి పోయినట్టే.

తర్వాత ఢీకొనే వాటిని చూడాలి. ట్యూనర్ ఒక్కటే ఉన్న బాక్సు ఒక సమయంలో ఒక్క ఛానల్‌నే పట్టుకోగలదు. అదే రాత్రి 9కి వేరే ఛానల్‌లో సీరియల్ కూడా రికార్డ్ పెట్టి ఉంటే, మనం కలిపిన 30 నిమిషాలు దానికి అడ్డం వస్తాయి. కొన్ని బాక్సులు ఏది ఉంచాలో అడుగుతాయి, కొన్ని చడీచప్పుడు లేకుండా ఒకదాన్ని కోసేస్తాయి. గైడ్‌లో మర్నాటికి జరిగి సీరియల్ మళ్లీ ఎప్పుడు వేస్తారో వెతికి, ఆ ప్రసారానికి రికార్డ్ పెట్టండి. సినిమాను కుదించకండి. రిమైండర్లు కూడా చూడండి. రాత్రి 7:30 ప్రవచనానికి మామ్మగారు పెట్టుకున్న రిమైండర్ ఉంటే, టైముకు తనంతట తనే ఛానల్ మార్చే బాక్సులో అది మన రికార్డింగ్‌ను పాడుచేయొచ్చు. రిమైండర్ల జాబితాలోకి వెళ్లి ఆ రోజుకు తీసేయండి.

ఇక మనవైపు ఎక్కువగా దెబ్బతీసేది కరెంటు. టీవీ ఆపేయొచ్చు, బాక్సును రిమోట్‌తో స్టాండ్‌బైలో పెట్టొచ్చు. కానీ ఊరెళ్తూ గోడ మీద స్విచ్ ఆపేస్తే రికార్డింగ్ ఉండదు. టీవీ, బాక్సు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంటే బాక్సుకు వేరే ప్లగ్ చూసి, దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలపండి. డిష్ ఉన్న ఇంటికి అంతే చాలు, పైన డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి కరెంటు బాక్సు నుంచే కేబుల్ గుండా వెళ్తుంది. కేబుల్ కనెక్షన్ అయితే ఇంకో చిక్కు ఉంది. వీధిలో ఉండే యాంప్లిఫయర్‌కు కూడా కరెంటు కావాలి. దానికి బ్యాటరీ లేకపోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ నడుస్తున్నా సిగ్నల్ రాదు.

ముసురు పట్టిన రోజుల్లో డిష్ సిగ్నల్ తెగినా రికార్డింగ్‌లో ఆ ముక్క ఉండదు, దానికి పునఃప్రసారమే దిక్కు. వాన లేకుండానే తరచూ తెగుతుంటే డిష్ చూసే దిక్కున కొబ్బరాకు అడ్డం పెరిగిందేమో మేడెక్కి చూడండి.

గైడ్ గడియారం తప్పడం అరుదు, కానీ గుర్తుపట్టడం తేలిక. సిగ్నల్‌లో వచ్చే టైము గ్రీన్‌విచ్ టైము, బాక్సు దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. రాత్రి 9:30 కార్యక్రమం సాయంత్రం 4:00కి చూపిస్తోందంటే ఆ కలపడం జరగలేదన్నమాట. ఉచిత ఛానళ్ల బాక్సుల్లో ఇది ఎక్కువ. టైమ్ సెట్టింగులో GMT +5:30 పెడితే సరిపోతుంది. ఇది దిద్దకుండా టైమర్లు పెడితే అన్నీ ఐదున్నర గంటలు తప్పుతాయి.

శనివారమే ఒక పరీక్ష చేయండి. పది నిమిషాల తర్వాత మొదలయ్యేలా పావుగంట టైమర్ పెట్టి, బాక్సును స్టాండ్‌బైలో ఉంచి టీవీ ఆపేయండి. రికార్డింగ్ మొదలైనట్టు ముందు దీపం మారిందో లేదో గమనించండి. ఐదు నిమిషాలు నడిచాక బాక్సు ప్లగ్ తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. టైము అయ్యాక రికార్డింగుల జాబితా తెరవండి. రెండు ముక్కలుగా కనిపిస్తే కరెంటు పోయి వచ్చినా మీ బాక్సు మిగతాది పట్టుకుంటుంది. ఒక్క ముక్కే ఉండి ఐదు నిమిషాల దగ్గర ఆగిపోతే, ఇన్వర్టర్ లైను లేకుండా ఆదివారం సినిమా దానికి అప్పగించకండి.